రెండో అధ్యాయం ఏం వాదించాలి?

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో సామాజిక శాస్త్రాల థీసిస్‌లు పేర్చిన బీరువా దగ్గరికి వెళ్లి, చేతికందిన ఒకదాన్ని తీసి రెండో అధ్యాయం తెరిస్తే చాలాసార్లు ఒకే తీరు కనిపిస్తుంది. ప్రతి పేరా ఒక పరిశోధకుడి పేరుతో, పక్కనే కుండలీకరణాల్లో ఒక సంవత్సరంతో మొదలవుతుంది. ఆయన ఎక్కడ సర్వే చేశారో, ఎంతమందిని అడిగారో, ఏం తేల్చారో నాలుగైదు వాక్యాలు ఉంటాయి. తర్వాతి పేరాలో ఇంకో పేరు, ఇంకో సంవత్సరం. యాభై అరవై పేజీలు ఇలా నడిచాక చివర్లో ఒక చిన్న పేరా వస్తుంది: పై అధ్యయనాలను పరిశీలించగా ఫలానా జిల్లాలో ఈ అంశంపై సమగ్ర పరిశోధన జరగలేదని తెలుస్తోంది కనుక ప్రస్తుత పరిశోధన చేపట్టడమైనది.

ఆ అధ్యాయంలో పదో పేరాను తీసి ముప్పయ్యో పేరా స్థానంలో పెట్టినా ఏమీ చెడదు. రెండు పేరాలు పూర్తిగా తీసేసినా చదివేవారికి తేడా తెలియదు. వాదన ఉన్న రచనలో అలా కుదరదు. ఒక మెట్టు తీసేస్తే పై మెట్టు ఎక్కలేం. రెండో అధ్యాయం జాబితానా, వాదనా అని తేల్చుకోవడానికి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు.

ఇలా రాయడానికి కారణం బద్ధకం కాదు. ఒక్కో వ్యాసం చదివినప్పుడు స్కాలర్ ఒక్కో నోటు రాసుకుంటారు. రెండేళ్లకు ఎనభై తొంభై నోట్లు పోగవుతాయి. సమర్పణ గడువు దగ్గర పడ్డాక వాటిని కాలక్రమంలో పేర్చి, మధ్యలో ‘అదే విధంగా’, ‘మరోవైపు’ అని కలిపితే అధ్యాయం తయారవుతుంది. చదివిన పద్ధతే రాసిన పద్ధతి అయిపోతుంది. జేన్ వెబ్‌స్టర్, రిచర్డ్ వాట్సన్ 2002లో ఎంఐఎస్ క్వార్టర్లీ పత్రికలో రాసిన వ్యాసంలో ఈ తేడాను స్పష్టంగా చెప్పారు. రచయితల చుట్టూ నడిచే సమీక్ష ఒకటి, భావనల చుట్టూ నడిచే సమీక్ష ఇంకొకటి. మొదటి రకం సారాంశాలతోనే ఆగిపోతుందని, రెండో రకానికి మారాలంటే చదివిన వ్యాసాలను ఒక పట్టికలో పెట్టుకోవాలని వారి సలహా. ఆ పట్టిక ఎలా పని చేస్తుందో ఒక ఉదాహరణతో చూస్తేనే తెలుస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో తరచూ ఎంచుకునే అంశమే తీసుకుందాం: డ్వాక్రా సంఘాల రుణాలు, మహిళా సాధికారత. ఒక స్కాలర్ దీనిమీద ఎనభై నాలుగు అధ్యయనాలతో రెండో అధ్యాయం రాశారనుకుందాం. గైడ్ చదివి ఒకే ప్రశ్న వేశారు. ‘‘ఇంతమంది రాశారు కదమ్మా, ఇంక నువ్వెందుకు రాయాలి?’’ స్కాలర్ దగ్గరున్న జవాబు, మా జిల్లాలో ఎవరూ చేయలేదు మేడం అన్నది. గైడ్ దానికి ఒప్పుకోలేదు. పక్క జిల్లాలో తేలినదే ఇక్కడా తేలుతుందని అనుకోవడానికి అడ్డేమిటో చెబితే తప్ప, జిల్లా మారడం వెలితి కాదన్నారు.

పరిశోధన చేయని చోట్లు లోకంలో లెక్కలేనన్ని. రీసెర్చ్ గ్యాప్ అనే మాటను ఖాళీ స్థలం అని అర్థం చేసుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. తెలియాల్సింది ఒకటి ఉండాలి. ఉన్న పరిశోధనలు దాన్ని తేల్చలేకపోవడానికి కారణం ఉండాలి. ఆ కారణాన్ని కొత్త పరిశోధన తొలగించగలగాలి. ఈ మూడూ కలిస్తేనే వెలితి. శాస్త్రీయ వ్యాసాల ఉపోద్ఘాతాలను పరిశీలించిన భాషాశాస్త్రవేత్త జాన్ స్వేల్స్ 1990లో ప్రచురించిన పుస్తకంలో చెప్పిన వరస కూడా ఇదే: ముందు రంగాన్ని పరచాలి, తర్వాత అందులో ఒక చోటు తెరవాలి, ఆ చోటులోకి తన పరిశోధనను తీసుకురావాలి. జాబితా అధ్యాయాలు మొదటి పనిని అరవై పేజీలు చేసి, రెండో పనిని ఒక్క వాక్యంలో ముగిస్తాయి.

స్కాలర్ ఎనభై నాలుగు నోట్లనూ పక్కన పెట్టి, తన ప్రశ్నకు దగ్గరగా ఉన్న అయిదింటితో పట్టిక మొదలుపెట్టారు. అడ్డంగా ఒక్కో వరసకు ఒక్కో అధ్యయనం. నిలువుగా అయిదు గడులు: ఏ అప్పు, సాధికారత అంటే ఏమిటని కొలిచారు, ఎవరిని అడిగారు, ఎవరితో పోల్చారు, ఏం తేల్చారు. జాబితా రాసేవారి చూపు చివరి గడి మీదే ఉంటుంది. అసలు సరుకు రెండో గడిలో ఉంటుంది.

మొదటి వరసలో అన్ మేరీ గెట్జ్, రీనా సేన్ గుప్తా ఉన్నారు. వీరు బంగ్లాదేశ్‌లో నాలుగు సంస్థలు ఇచ్చిన రుణాలను పరిశీలించి 1996లో వరల్డ్ డెవలప్‌మెంట్ పత్రికలో రాశారు. అప్పు మహిళ పేరున వచ్చాక దాన్ని నడిపేది ఎవరన్నది వారి ప్రశ్న. సుమారు 63 శాతం సందర్భాల్లో మహిళకు ఆ అప్పుమీద పాక్షికంగానో, బహు కొద్దిగానో పట్టు ఉంది, లేదా అసలే లేదు. రెండో వరసలో సయ్యద్ హషేమీ, సిడ్నీ షూలర్, ఆన్ రైలీ. అదే దేశం, అదే సంవత్సరం, అదే పత్రిక. గ్రామీణ్ బ్యాంకు, బ్రాక్ సభ్యులను చూసి, రుణ కార్యక్రమాల్లో చేరడం మహిళలకు శక్తినిస్తోందని తేల్చారు.

పాత అధ్యాయంలో ఈ రెండూ ఇలా ఉన్నాయి: ‘గెట్జ్, సేన్ గుప్తా రుణాలపై మహిళలకు నియంత్రణ లేదని కనుగొన్నారు. హషేమీ తదితరులు రుణాలు మహిళా సాధికారతకు తోడ్పడుతున్నాయని కనుగొన్నారు.’ రెండు వాక్యాలూ నిజమే. అయితే ఒకే దేశంలో ఒకే కాలంలో ఇద్దరికీ ఎదురెదురు ఫలితాలు ఎందుకు వచ్చాయన్న ప్రశ్న ఆ రెండు వాక్యాల నడుమ పడి ఉంది. స్కాలర్ దాన్ని దాటుకుని మూడో పేరుకు వెళ్లిపోయారు. ఎనభై నాలుగు పేరాల్లో జరిగిన అతి పెద్ద నష్టం ఇదే.

పట్టికలో రెండో గడి చూడగానే కారణం బయటపడింది. గెట్జ్ బృందం కొలిచింది డబ్బు నడక: ఎవరు ఖర్చు పెట్టారు, ఎవరు అమ్మకాలు చూశారు. హషేమీ బృందం కొలిచింది జీవితంలో మార్పు: ఒంటరిగా ఎక్కడెక్కడికి వెళ్లగలదు, చిన్నా పెద్దా కొనుగోళ్లు తనంతట తాను చేయగలదా, ఇంటి నిర్ణయాల్లో మాట చెల్లుతోందా, చట్టం గురించి తెలుసా, ఇలా ఎనిమిది సూచికలు. ఒక ఇంట్లో డ్వాక్రా అప్పుతో భర్త ఆటో కొన్నాడనుకోండి. మొదటి కొలమానంలో ఆమెకు పట్టు లేదు. అదే ఇంట్లో ఆమె నెలనెలా సమావేశానికి వెళ్తూ, బ్యాంకులో సంతకం పెడుతూ, మండల ఆఫీసు దాకా ఒంటరిగా వెళ్లడం అలవాటు చేసుకుందనుకోండి. రెండో కొలమానంలో ఆమె బలపడింది. ఒకే మనిషి, ఒకే అప్పు, రెండు జవాబులు.

ఈ సంగతి మొదట కనిపెట్టింది మన స్కాలర్ కాదు. నైలా కబీర్ 2001లో అదే పత్రికలో ఈ వైరుధ్యాన్నే తన వ్యాసానికి కేంద్రం చేసుకున్నారు. కొందరు అప్పు నడిచే తీరును చూశారని, కొందరు దాని పర్యవసానాన్ని చూశారని, అందుకే తీర్పులు వేరయ్యాయని ఆమె వాదించారు. వాదన చేసే సమీక్ష ఎలా ఉంటుందో చూడాలనుకునే విద్యార్థికి ఇంతకంటే మంచి నమూనా దొరకడం కష్టం. కబీర్ ఎవరినీ తప్పుపట్టి పక్కకు నెట్టలేదు. ఇద్దరూ ఏం కొలిచారో చూపించి, ఆ రెండు కొలతల మధ్య తన ప్రశ్నకు చోటు చేసుకున్నారు.

నాలుగో వరస తెలుగు నేలకు వస్తుంది. సుప్రియ గరికిపాటి 2008లో ప్రచురించిన అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ స్వయం సహాయక సంఘాల మీద. మహిళలకిచ్చిన అప్పు కుటుంబాన్ని గడ్డు రోజుల్లో ఆదుకుంటోంది గానీ మహిళకు అంత బలం ఇవ్వడం లేదని, ఆ అప్పుతో కుటుంబం సంపాదించుకున్న ఆస్తుల్లో ఆమెకు భాగం లేకపోవడం దీనికి ముఖ్య కారణమని తేల్చారు. అయిదో వరస హైదరాబాద్. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కిన్నన్ 104 బస్తీలను తీసుకుని, యాదృచ్ఛికంగా ఎంపికైన 52 బస్తీల్లో స్పందన సంస్థ శాఖలు తెరవడం వల్ల వచ్చిన మార్పును మిగతా బస్తీలతో పోల్చారు. 2015లో వెలువడిన ఆ వ్యాసం ప్రకారం వ్యాపారాల్లో పెట్టుబడి పెరిగింది గానీ, ఆరోగ్యం, చదువు, మహిళల నిర్ణయాధికారం విషయాల్లో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు.

ఇక్కడ మొదటి గడి ముఖ్యమవుతుంది. స్పందన సూక్ష్మ రుణ సంస్థ. డ్వాక్రా సంఘానికి వచ్చేది బ్యాంకు లింకేజీ రుణం, దాని వెనక పొదుపు ఉంది, నెలనెలా కలిసి కూర్చునే సంఘం ఉంది. జాబితా అధ్యాయంలో రెండూ ‘మహిళలకు సూక్ష్మ రుణాలు’ అనే ఒకే పేరు కింద చేరిపోయాయి. హైదరాబాద్ ఫలితాన్ని డ్వాక్రాకు అన్వయించవచ్చా లేదా అన్నది తేల్చకుండా ఆ వ్యాసాన్ని ఉటంకిస్తే, వైవాలో మొదటి ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది.

పట్టిక పూర్తయ్యాక స్కాలర్‌కు ఒక సంగతి తట్టింది. అప్పు మీద పట్టు గురించి మాట్లాడిన వరసల్లో ప్రతిదీ ఏదో ఒక కార్యక్రమం అప్పునే పట్టుకుంది. ఆమెకు తెలిసిన ఊళ్లలో ఒక్క అప్పుతో ఉన్న ఇల్లు అరుదు. ఒకే మహిళ పేరున బ్యాంకు లింకేజీ రుణం, స్త్రీనిధి రుణం, వారంవారీ కంపెనీ రుణం, బంగారం తాకట్టు కలిసి ఉంటాయి. ఒక దాని కిస్తు ఇంకో దానితో కడతారు. వెంటనే ఆమె వెలితి వాక్యం రాసేశారు: ‘ఒకే ఇంట్లో పలు అప్పులు ఉండటాన్ని ఇంతవరకు ఎవరూ పరిశోధించలేదు.’

ఆ వాక్యం వారం కూడా నిలవలేదు. గూగుల్ స్కాలర్‌లో ఒక వ్యాసం కింద కనిపించే `Cited by` అన్న లింకు నొక్కితే, ఆ వ్యాసాన్ని తర్వాత ఎవరెవరు ఉటంకించారో తెలుస్తుంది. ఆ దారిలో వెళ్తూ ఆమె ఇసాబెల్ గెరాన్ పరిశోధనలకు చేరారు. తమిళనాడు గ్రామాల్లో పేద కుటుంబాలు పలు అప్పులను ఎలా సర్దుబాటు చేస్తాయన్నది గెరాన్ చాలాకాలంగా చూస్తున్న అంశం. ఆమె సహ సంపాదకత్వంలో 2013లో వచ్చిన పుస్తకం పేరులోనే డబ్బును గారడీవాడి బంతుల్లా తిప్పడం ఉంది. ‘ఎవరూ పరిశోధించలేదు’ అన్న మాటను ఒక్క పుస్తకం కూల్చేసింది.

చాలామంది స్కాలర్లు ఈ ఘట్టంలో భయపడి ఆ పుస్తకాన్ని కనబడనట్టు వదిలేస్తారు, లేదా అంశమే మార్చేసుకుంటారు. రెండూ అక్కర్లేదు. కొత్తగా దొరికిన రచన వెలితిని చెరిపేయడం కంటే దానికి అంచులు గీయడమే ఎక్కువ. గెరాన్ వరసను పట్టికలో చేర్చి, అవే అయిదు గడులూ నింపి మళ్లీ చూడాలి. శోధ్‌గంగలో ఇదే అంశంపై మన విశ్వవిద్యాలయాల్లో సమర్పించిన థీసిస్‌లను కూడా అప్పుడే వెతకాలి. విదేశీ పత్రికల్లో లేనిది పక్క విశ్వవిద్యాలయంలో ఉండవచ్చు.

అలా వెతికిన పరిధిలో స్కాలర్‌కు రెండు పాయలు కనిపించాయనుకుందాం. ఒక పాయ అప్పు మీద పట్టును నిశితంగా కొలుస్తుంది, అయితే ఒక్కో అప్పును విడిగా చూస్తుంది. రెండో పాయ అప్పులన్నిటినీ కలిపి చూస్తుంది, అయితే ఒక్కో అప్పు మీద ఎవరి మాట చెల్లుతుందో అదే కొలమానంతో లెక్కగట్టదు. అప్పుడు వెలితి వాక్యం మారింది: ‘బ్యాంకు లింకేజీ రుణాన్ని భర్తకు అప్పగించిన మహిళ, అదే కాలంలో తీసుకున్న మరో అప్పును తన చేతిలో ఉంచుకుంటోందా అన్నది ఈ సమీక్షలో చూసిన అధ్యయనాల నుంచి చెప్పలేం, ఎందుకంటే అప్పుపై పట్టును కొలిచినవి ఒక్కో అప్పుకే పరిమితమయ్యాయి.’

పాత వాక్యంతో పోలిస్తే ఇది చిన్న వెలితి. అందుకే నిలబడుతుంది. ఏం తెలియదో చెప్పింది, ఎందుకు తెలియదో చెప్పింది, ఎక్కడ వెతికారో ఒప్పుకుంది. పైగా పరిశోధన ఎలా చేయాలో దానంతట అదే చెబుతోంది: ఇంట్లోని ప్రతి అప్పుకూ విడివిడిగా, ఎవరు తెచ్చారు, ఎవరు ఖర్చు పెట్టారు, ఎవరు కడుతున్నారు అని అడగాలి. ఒక్క అప్పు గురించి మాత్రమే అడిగే ప్రశ్నావళితో ఈ వెలితి పూడదు. ఎంతో కాలం క్షేత్రపరిశీలన చేసి వచ్చాక, రెండో అధ్యాయంలో చెప్పిన వెలితికీ ప్రశ్నావళికీ పొంతన లేదని తెలిసిన స్కాలర్ల బాధ ఏ గైడ్‌నడిగినా చెబుతారు. ఈ వాక్యం సర్వేకు ముందే సరిగ్గా కుదరాలి.

ఇక తిరగరాత. కొత్త అధ్యాయంలో మొదట, ఫలితాలు ఎందుకు పొసగడం లేదన్న సమస్య వస్తుంది. తర్వాత కొలమానాల తేడా, ఆపైన కబీర్ సర్దుబాటు, అది తేల్చని భాగం, రుణాల రకాల మధ్య తేడా, పలు అప్పుల సర్దుబాటు, చివర వెలితి. గెట్జ్ పేరు మూడు చోట్ల రావచ్చు, మూడుసార్లూ వేరే పని మీద వస్తుంది. కొన్ని పేర్లు అసలు రావు. ఎనభై నాలుగులో యాభైకి పైగా అధ్యయనాలు ‘సంఘాల వల్ల ఆదాయం పెరిగింది’ అన్న ఒకే మాట చెబితే, వాటికి యాభై పేరాలు అక్కర్లేదు. ఒక వాక్యం, అందులో బలమైన నాలుగైదు అధ్యయనాల ఉటంకింపు చాలు. కష్టపడి చదివినవాటిని వదులుకోవడం మనసుకు కష్టమే. అయినా విద్యారంగ పరిశోధకుడు జోసెఫ్ మాక్స్‌వెల్ 2006లో వాదించినట్టు, థీసిస్‌లోని సమీక్షకు కావలసింది అంతా చదివామని చూపడం కాదు, ఈ పరిశోధనకు పనికొచ్చేవాటిని తేవడం.

పేరా ఎలా మారుతుందో చూడండి. పాతది: ‘గరికిపాటి (2008) ఆంధ్రప్రదేశ్‌లో అధ్యయనం చేసి, రుణాలు కుటుంబానికి ఉపయోగపడినా మహిళలకు సాధికారత కలగలేదని పేర్కొన్నారు.’ కొత్తది: ‘అప్పు మీద పట్టు పోవడానికి కారణం భర్త పెత్తనం ఒక్కటే కాకపోవచ్చు. ఆంధ్రప్రదేశ్ సంఘాలను చూసిన గరికిపాటి (2008) ఆస్తిలో భాగం లేకపోవడాన్ని ముఖ్య కారణంగా చూపారు. అదే నిజమైతే, ఆస్తి కొనడానికి కాకుండా ఇంటి ఖర్చుకు తెచ్చిన అప్పుల్లో పరిస్థితి వేరుగా ఉండాలి. ఆ పోలికకు ఒకే ఇంట్లోని వేర్వేరు అప్పులను పక్కపక్కన పెట్టి చూడాలి.’ పాత పేరాకు కర్త పరిశోధకురాలు. కొత్త పేరాకు కర్త ఒక భావన. పరిశోధకురాలు దానికి సాక్ష్యంగా వచ్చారు. ఆమె తేల్చినదాని నుంచి స్కాలర్ ఒక అంచనా తీశారు, ఆ అంచనా తన పరిశోధన వైపు ఒక అడుగు వేయించింది.

తిరగరాసేటప్పుడు జరిగే పొరపాట్లలో రెండు ప్రమాదకరమైనవి. మొదటిది, వెలితి కనబడాలని పాత పరిశోధనలను తక్కువ చేసి చూపడం. హైదరాబాద్ అధ్యయనం ఒకే అప్పును చూసిందని అనడం దానికి అన్యాయం. కొత్త రుణ సంస్థ రావడం వల్ల బస్తీ మొత్తంలో ఏం మారిందన్నది వారి ప్రశ్న, ఆ ప్రశ్నకు వారి పద్ధతి సరైనది. అది వేరే ప్రశ్నకు జవాబు అని రాయాలి గానీ లోపం అని రాయకూడదు. బహిఃపరీక్షకులు ఆ వ్యాసాన్ని చదివి ఉంటే, ఇలాంటి ఒక్క వాక్యంతో అధ్యాయం మీద నమ్మకం పోతుంది. రెండోది ‘తొలిసారి’, ‘ఎవరూ’, ‘ఎక్కడా’ వంటి మాటలు. వీటి బదులు ఏ డేటాబేసుల్లో, ఏ పదాలతో, ఏ నెల దాకా వెతికారో ఒక పేరాలో రాస్తే, ‘మేం చూసిన మేరకు’ అన్న మాటకు కొలత వస్తుంది.

అధ్యాయం కుదిరిందో లేదో చూడటానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ప్రతి పేరాలో మొదటి వాక్యాన్ని మాత్రమే వేరే కాగితం మీద వరసగా రాసుకోవాలి. మన స్కాలర్ పాత అధ్యాయానికి ఇలా చేస్తే పేర్లూ సంవత్సరాలతో నిండిన చిట్టా వచ్చింది. కొత్తదానికి చేస్తే ఒక పేజీ వ్యాసం వచ్చింది. ‘సంఘాల రుణాల ఫలితాలు పొసగడం లేదు’ అన్న వాక్యం నుంచి ‘ఒకే ఇంట్లోని అప్పులను విడదీసి చూస్తే తప్ప ఇది తేలదు’ అన్న వాక్యం దాకా, ఆర్థికశాస్త్రం తెలియని మనిషి కూడా చదువుకుంటూ పోగలిగేలా ఉంది. మధ్యలో రెండు చోట్ల అడుగు తప్పింది. ఒక వాక్యం నుంచి తర్వాతిదానికి దారి లేదు. ఆ రెండు పేరాల్లో తాను వాదన మరిచి మళ్లీ సారాంశం రాసుకుంటూ పోయానని ఆమెకు అప్పుడు తెలిసింది.

ఈ అధ్యాయం సర్వేకు ముందు రాసింది. థీసిస్ సమర్పించేసరికి రెండు మూడేళ్లు గడుస్తాయి. అందుకని పట్టికలోని ప్రతి వ్యాసం కింద `Cited by` లింకును సమర్పణకు నెల ముందు మళ్లీ నొక్కి చూడాల్సి ఉంటుంది. ఈలోగా వేరే రాష్ట్రంలో ఎవరైనా అప్పులను విడదీసి అడిగి ఉంటే, ఆమె వెలితి వాక్యంలోని ‘చెప్పలేం’ అన్న మాట ‘ఒక చోట ఇలా తేలింది, సంఘాలు పాతుకుపోయిన చోట అలాగే ఉంటుందా అన్నది తేలాలి’ అని మారుతుంది. పట్టికలో ఏడో వరస చేరుతుంది, వెలితికి ముందున్న రెండు పేరాలు తిరగరాయాల్సి వస్తుంది.